అప్పు తీరింది... దస్తావేజు ఏదీ?

అయిజ బస్టాండు దగ్గరి బ్యాంకులో సోమవారం ఉదయం. పత్తి విత్తనాల డబ్బు కోసం వచ్చిన రైతులు, పింఛను కోసం వచ్చిన ముసలమ్మలు, డ్వాక్రా పొదుపు పుస్తకాలతో ఆడవాళ్లు. ఆ రద్దీలో ఒక పదవీ విరమణ పొందిన మాస్టారు మేనేజరు గది ముందు నిలబడి ఉన్నారు. చేతిలో పాత ప్లాస్టిక్ కవరు, అందులో పదిహేనేళ్ల పాస్‌బుక్కులు. పదవీ విరమణ డబ్బులో కొంత తీసి, ఇంటి అప్పులో మిగిలిన మొత్తాన్ని ఒకేసారి కట్టేశారు.

"సార్, అప్పు మొత్తం కట్టిన. నా ఇంటి కాగితాలు ఎప్పుడిస్తరు?"

"కాగితాలు ఇక్కడ ఉండవు మాస్టారూ. పై ఆఫీసుకు రాయాలి. వచ్చాక ఫోన్ చేస్తాం."

మాస్టారు సరేనని బయటికి వచ్చారు. చేతిలో డబ్బు కట్టిన చలానా ఒక్కటే ఉంది. కాగితాలు కావాలని ఆయన అడిగినట్టు ఎక్కడా రాత లేదు. ఎప్పటిలోగా ఇస్తామని బ్యాంకు చెప్పినట్టూ లేదు.

ఈ మాస్టారు ఫలానా వ్యక్తి కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ఇంటి అప్పు తీర్చిన ఎవరైనా ఆ గుమ్మం ముందు నిలబడి ఉండొచ్చు. ఆయన్ని ఉదాహరణగా పెట్టుకుని, చివరి కిస్తీ కట్టిన రోజు నుంచి అసలు దస్తావేజు బీరువాలోకి చేరేదాకా ఏం జరగాలో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం. ఈ మధ్య వాట్సాప్‌లో తిరుగుతున్న "కాగితాలు ఆలస్యమైతే బ్యాంకు రోజుకు ఐదు వేలు ఇవ్వాలి" అన్న సందేశం నిజమే. కానీ అది సగం సంగతి. మిగతా సగం తెలియకపోతే ఆ ఐదు వేలు ఎవరికీ రావు.

మూడు వందల యాభై రూపాయల చిక్కు

మాస్టారి లెక్క చూద్దాం. బ్యాంకు ఇచ్చిన కాగితం ప్రకారం డిసెంబరు 31 నాటికి మిగిలిన అప్పు 3 లక్షల రూపాయలు. వడ్డీ ఏడాదికి ఎనిమిదిన్నర శాతం. ఆయన డబ్బు సర్దుకుని జనవరి 5న కట్టారు. కట్టింది సరిగ్గా 3 లక్షలు. ఆయన దృష్టిలో అప్పు తీరిపోయింది.

బ్యాంకు కంప్యూటరు అలా అనుకోదు. ఇంటి అప్పుకు వడ్డీ రోజువారీగా పడుతుంది. 3 లక్షల మీద ఎనిమిదిన్నర శాతమంటే రోజుకు దాదాపు 70 రూపాయలు. ఐదు రోజులకు 350. ఆ మూడు వందల యాభై ఖాతాలో బాకీగా ఉండిపోతుంది. ఖాతా మూతపడదు. నో డ్యూ సర్టిఫికెట్ రాదు. కాగితాలు తిరిగివ్వాల్సిన గడువు కూడా మొదలవదు. నెల తర్వాత మాస్టారు వెళ్లి గొడవ పెట్టుకుంటే, "మీ ఖాతా ఇంకా క్లోజ్ కాలేదు కదా" అంటారు. ఆ మాటలో తప్పు కూడా ఉండదు.

అందుకే డబ్బు కట్టే ముందు చేయాల్సిన మొదటి పని, ఫోర్‌క్లోజర్ లెటర్ అడగడం. ఫలానా తేదీన కడితే ఎంత, ఆ తర్వాత ఒక్కో రోజుకు ఎంత చొప్పున పెరుగుతుంది అన్నవి రెండూ అందులో ఉండాలి. కట్టేది జనవరి 5న అయితే 5వ తేదీ లెక్కే రాయించుకోవాలి. కట్టిన మర్నాడో, ఆ పైరోజో వెళ్లి లోన్ ఖాతా స్టేట్‌మెంట్ తీయించుకుంటే చివరి వరుసలో బాకీ సున్నా అని కనిపించాలి. ఆ సున్నా పడిన తేదీ నుంచే అసలు లెక్క మొదలవుతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. మారుతూ ఉండే వడ్డీ మీద, అంటే ఫ్లోటింగ్ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చేస్తే బ్యాంకులు జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. ఫోర్‌క్లోజర్ లెటర్‌లో ప్రీపేమెంట్ చార్జీ అన్న పద్దు కనిపిస్తే డబ్బు కట్టకముందే అడగాలి. కట్టాక అడిగితే దాన్ని వెనక్కి రాబట్టడం ఇంకో యుద్ధం అవుతుంది.

కాగితాలు ఎక్కడున్నాయి?

మేనేజరు అబద్ధం చెప్పలేదు. అయిజ శాఖలో అప్పు తీసుకున్నా, అసలు పత్రాలు అయిజలో ఉండాలని లేదు. స్టేట్ బ్యాంకు లాంటి పెద్ద బ్యాంకుల్లో ఇంటి అప్పుల పని చాలావరకు ప్రత్యేక ప్రాసెసింగ్ కేంద్రాల్లో సాగుతుంది. ప్రైవేటు బ్యాంకులు, గృహరుణ సంస్థలు దేశం మొత్తం మీది పత్రాలను ఒకటి రెండు నగరాల్లోని పెద్ద గిడ్డంగుల్లో భద్రపరుస్తాయి. అప్పు తీరాక అక్కడికి కబురు వెళ్లాలి, వాళ్లు ఫైలు వెతకాలి, పెట్టెలో పెట్టి పంపాలి.

పాలమూరు ప్రాంతంలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. పదిహేనేళ్ల కింద అప్పు ఇచ్చిన బ్యాంకు పేరే ఇప్పుడు బోర్డు మీద లేదు. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోకి, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులోకి వెళ్లాయి. ఇంటి అప్పులకే పేరుపడ్డ హెచ్‌డీఎఫ్‌సీ సంస్థ 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమైంది. మహబూబ్‌నగర్ జిల్లాలో పుట్టిన సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో భాగమైంది. ఆ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో ఉన్నాయి. పాత ఖాతాదారు చేతిలోని మంజూరు పత్రం మీద ఒక పేరు, పాస్‌బుక్కు మీద ఇంకో పేరు, ఇవాళ శాఖ ముందు మరో పేరు.

విలీనంతో బాధ్యత పోదు. పాత బ్యాంకు తీసుకున్న పత్రాలకు కొత్త బ్యాంకే జవాబుదారు. కానీ ఫైలు ఒక బీరువా నుంచి ఇంకో బీరువాకు, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారిన ప్రతిసారీ, పాత ఖాతా నంబరు కొత్త నంబరుగా మారిన ప్రతిసారీ ఏదో ఒక కాగితం తప్పిపోయే అవకాశం పెరుగుతుంది. అందుకే అడిగేటప్పుడు పాత ఖాతా నంబరు, కొత్త ఖాతా నంబరు, మంజూరు పత్రం తేదీ మూడూ రాసి ఇస్తే వెతికేవాళ్లకు దారి దొరుకుతుంది.

అప్పు తీసుకున్న రోజు బ్యాంకుకు ఏమేం ఇచ్చామో చెప్పే జాబితా ఒకటి ఉంటుంది. బ్యాంకువాళ్లు దాన్ని లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్ అంటారు. అమ్మకపు దస్తావేజు, అంతకు ముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, ఇంటి అనుమతి, ప్లాను, పన్ను రసీదులు అందులో వరుసగా రాసి ఉంటాయి. అది లేనివాళ్లు ఇప్పుడైనా శాఖలో నకలు అడిగి తీసుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు దేన్ని దేనితో పోల్చుకోవాలో చెప్పే కాగితం అదొక్కటే.

బెంగళూరు నుంచి హైదరాబాద్ దాకా

కాగితాలు పోవడం ఊహ కాదు. బెంగళూరులో ఒక కొనుగోలుదారు 2016లో ఐసీఐసీఐ బ్యాంకు నుంచి కోటీ 86 లక్షల రూపాయల ఇంటి అప్పు తీసుకున్నారు. అమ్మకపు దస్తావేజు రిజిస్టరైంది. అసలు పత్రాలు బ్యాంకు దగ్గర ఉన్నాయి. తర్వాత తేలిందేమంటే, బెంగళూరు నుంచి హైదరాబాద్‌లోని బ్యాంకు కేంద్ర గిడ్డంగికి కొరియరులో పంపుతుండగా దారిలో అవి పోయాయి.

ఆయన ముందు బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లారు. నకళ్లు ఇప్పించాలి, పత్రికలో ప్రకటన వేయాలి, 25 వేల రూపాయలు చెల్లించాలి అని అంబుడ్స్‌మన్ చెప్పారు. ఆయనకు అది చాలలేదు. అసలు దస్తావేజుకు నకలు సమానం కాదని జాతీయ వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించారు. పత్రాలు పోగొట్టింది కొరియరు సంస్థ, బాధ్యత వాళ్లదని బ్యాంకు వాదించింది. కమిషన్ ఆ వాదనను ఒప్పుకోలేదు. కొరియరును ఎంచుకున్నది బ్యాంకు, పత్రాలు అప్పగించుకున్నది బ్యాంకు. 2023లో వచ్చిన తీర్పు ప్రకారం బ్యాంకు ఆయనకు 25 లక్షల రూపాయల పరిహారం, 50 వేల ఖర్చులు ఇవ్వాలి. పోయిన పత్రాలను తన ఖర్చుతో పునర్నిర్మించి ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వాలి. రేపెప్పుడైనా ఆ పత్రాల వల్ల నష్టం వస్తే భరిస్తానని పూచీకత్తు కూడా రాసివ్వాలి.

అప్పు తీసుకున్ననాటి నుంచి తీర్పు వచ్చేదాకా ఏడేళ్లు పట్టింది. ఒక నగరవాసి, పెద్ద అప్పు, వకీళ్లను పెట్టుకోగల స్తోమత. అయిజలో మూడు గదుల ఇల్లు కట్టుకున్నవారికి అలాంటి ఏడేళ్ల పోరాటం సాధ్యమయ్యే పని కాదు. అదే ఏడాది వచ్చిన రిజర్వు బ్యాంకు ఆదేశం అలాంటివారికే ఎక్కువ అవసరం.

ముప్పై రోజుల నియమం

రిజర్వు బ్యాంకు మాజీ డిప్యూటీ గవర్నరు బి.పి.కానుంగో అధ్యక్షతన 2022లో ఒక కమిటీ వేశారు. బ్యాంకుల్లో ఖాతాదారులకు అందుతున్న సేవల తీరు చూడడం దాని పని. ఇంటి పత్రాలు తిరిగివ్వడానికి గడువు పెట్టాలని, ఆలస్యమైతే బ్యాంకు తానే పరిహారం చెల్లించాలని ఆ కమిటీ 2023లో సిఫార్సు చేసింది. 2023 సెప్టెంబరు 13న రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పత్రాలు తిరిగివ్వాల్సి వచ్చే అన్ని ఖాతాలకూ అది వర్తిస్తుంది. అప్పు ఎప్పుడు తీసుకున్నారన్నది కాదు, ఎప్పుడు తీర్చారన్నది ముఖ్యం.

నియమం సూటిగా ఉంది. అప్పు పూర్తిగా తీరిన లేదా సెటిల్ అయిన 30 రోజుల్లోగా అసలు పత్రాలన్నీ తిరిగివ్వాలి. ఆ ఆస్తి మీద ఏ రిజిస్ట్రీలో తన హక్కు నమోదు చేయించి ఉన్నా అదీ తొలగించాలి. పత్రాలను అప్పు నడిచిన శాఖలో తీసుకోవాలా, అవి ఉన్న మరో కార్యాలయంలో తీసుకోవాలా అన్నది అప్పు తీర్చినవారి ఇష్టం. అంటే "హైదరాబాద్ వెళ్లి తెచ్చుకోండి" అని అయిజవాళ్లకు చెప్పే వీలు లేదు. అయిజ శాఖలోనే కావాలని అడగొచ్చు. అలా అడిగినట్టు రాతలో ఉండాలి.

ఆలస్యమైతే కారణం ఏమిటో బ్యాంకు తానే తెలపాలి. ఆ ఆలస్యం బ్యాంకు వల్లే జరిగితే రోజుకు 5 వేల చొప్పున ఇవ్వాలి. పత్రాలు పోయినా, పాడైనా నకళ్లు, ధ్రువీకరించిన ప్రతులు తెప్పించడంలో సాయం చేసి, ఆ ఖర్చు బ్యాంకే పెట్టుకోవాలి. అప్పుడు మాత్రం దానికి ఇంకో 30 రోజులు అదనంగా దొరుకుతాయి.

మాస్టారి తేదీలతో చూద్దాం. జనవరి 5నే ఆ 350 కూడా కట్టి బాకీ సున్నా చేశారనుకుందాం. 30వ రోజు ఫిబ్రవరి 4. పత్రాలు ఫిబ్రవరి 24న చేతికి వచ్చాయనుకుంటే 20 రోజుల ఆలస్యం, పరిహారం లక్ష రూపాయలు. అదే పత్రాలు పోయాయని బ్యాంకు చెబితే 60వ రోజు మార్చి 6 దాకా గడువు ఉంటుంది, ఆ మర్నాటి నుంచి రోజుకు 5 వేలు లెక్క.

వాట్సాప్ సందేశం వదిలేసిన మాట ఒకటుంది. ఆలస్యానికి బ్యాంకు కారణం కావాలి. మూడు వందల యాభై బాకీ ఉన్నా, పత్రాలు తీసుకోవడానికి రమ్మంటే సంతకం చేయాల్సిన సహరుణగ్రహీత రాకపోయినా ఆ రోజులు లెక్కలోకి రావు. ఇద్దరి పేరు మీద అప్పు ఉంటే ఇద్దరూ వెళ్లడమో, రెండోవారి అధికార పత్రం తీసుకెళ్లడమో ముందే అడిగి తెలుసుకోవాలి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న కొడుకు పేరు కలిపి అప్పు తీసుకున్న ఇళ్లలో చివరికి ఆగేది ఈ సంతకం దగ్గరే.

బాక్స్: నో డ్యూ సర్టిఫికెట్‌లో ఏముండాలి?

*శాఖ లెటర్‌హెడ్ మీద, మేనేజరు సంతకం, ముద్ర, తేదీతో ఉండాలి. అప్పు ఖాతా నంబరు (విలీనమైన బ్యాంకయితే పాతది, కొత్తది), అప్పు తీసుకున్న వారందరి పేర్లు, అప్పు మూతపడిన తేదీ, ఇక బాకీ ఏమీ లేదన్న మాట, ఇంటి నంబరు లేదా సర్వే నంబరుతో ఆస్తి వివరం, ఆ ఆస్తి మీద బ్యాంకుకు ఇక ఏ హక్కూ లేదన్న వాక్యం ఉండాలి. "ఖాతా క్లోజ్ అయినది" అని ఒక్క ముక్క రాసిన కాగితం రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి వకీలుకు సరిపోదు. పేరులో అక్షరం తప్పున్నా అప్పుడే మార్పించుకోవాలి.*

మిగిలిపోయే మరో రెండు గుర్తులు

పత్రాలు చేతికి వచ్చాయి. పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగుతారు. ఐదారేళ్ల తర్వాత కూతురి పెళ్లికో, కొడుకు చదువుకో ఇల్లు అమ్మబోతే, కొనేవారు ఈసీ తీస్తారు. అందులో బ్యాంకు పేరు ఇంకా కనిపిస్తుంది.

ఇదెలా జరుగుతుందంటే, ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు సాధారణంగా ఇంటిని తన పేరున రాయించుకోదు. అసలు దస్తావేజు తన దగ్గర పెట్టించుకుంటుంది. చట్టం దీన్ని కూడా తనఖాగానే చూస్తుంది. ఆస్తి బదిలీ చట్టం 1882లోనే దీనికి చోటుంది. ఆ పత్రాలు అప్పగించినట్టు ఒక మెమోరాండం రాసి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయిస్తే, అది ఈసీలో ఒక లావాదేవీగా నమోదవుతుంది. అప్పు తీరగానే అది దానంతటదే చెరిగిపోదు. అప్పు తీరిందని, తనఖా విడుదలైందని ఇంకో పత్రం రాసి రిజిస్టర్ చేయిస్తేనే ఈసీలో విడుదల కూడా కనిపిస్తుంది. దానికి బ్యాంకు తరఫున అధికారం ఉన్నవారు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చి సంతకం పెట్టాలి.

చిన్న శాఖలో మేనేజరు ఒక పూట బయటికి వెళితే కౌంటరు పని ఆగుతుంది. అందుకే "తర్వాత చూద్దాం" అన్న మాట వస్తుంది. నిజానికి ఇది వాయిదా వేయదగ్గ పని కాదు. ఏ రిజిస్ట్రీలోని చార్జినైనా 30 రోజుల్లో తొలగించాలన్నది అదే ఉత్తర్వులోని షరతు. మేనేజరు బదిలీ అయి కొత్తవారు వస్తే పాత ఫైలు తిరగేయడానికి వాళ్లకు ఇంకా కష్టం. కాబట్టి పత్రాలు తీసుకునే రోజే సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లే తేదీ కూడా ఖరారు చేసుకోవడం మంచిది. పత్రాలు ఇచ్చేశాక శాఖలో ఆ ఫైలు మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు.

రెండో గుర్తు చాలామందికి కనిపించనిది. సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీ 2011 మార్చి 31 నుంచి పనిచేస్తోంది. ఒకే ఇంటిని ఇద్దరు ముగ్గురి దగ్గర తాకట్టు పెట్టి మోసం చేసే రోజుల్లో దాన్ని తెచ్చారు. ఇంటి మీద అప్పిచ్చిన బ్యాంకులు ఆ వివరం అక్కడ నమోదు చేయాలి. అప్పు తీరాక తీరిందని కూడా వాళ్లే నమోదు చేయాలి. అది చేయకపోతే, రేపు ఆ ఇంటి మీద ఇంకో బ్యాంకులో అప్పుకు వెళ్లినప్పుడు "ఈ ఆస్తి మీద ఇప్పటికే ఒక చార్జి ఉంది" అని ఆ బ్యాంకు కంప్యూటరు చెబుతుంది. cersai.org.in లో ఎవరైనా పది రూపాయల రుసుము, దాని మీద జీఎస్టీ కట్టి తమ ఆస్తి వివరాలతో వెతికి చూసుకోవచ్చు. మీసేవ కేంద్రానికి వెళ్లి ఈసీ తీయించుకున్న రోజే ఇదీ చూసుకుంటే రెండు రిజిస్ట్రీల సంగతీ తెలుస్తుంది.

కౌంటరు దగ్గర తొందరపడితే

ఫోన్ వచ్చింది. కాగితాలు వచ్చాయి, రమ్మన్నారు. ఆ సంతోషంలో మాస్టారు చూపించిన చోటల్లా సంతకం పెట్టేస్తే, ఒక సంతకం "పత్రాలన్నీ సక్రమంగా ముట్టాయి" అన్న వాక్యం కింద కూడా పడుతుంది. ఇంటికొచ్చి చూసుకుంటే లింకు డాక్యుమెంటు లేదని తెలుస్తుంది. అప్పుడు బ్యాంకు ఆ సంతకాన్నే చూపిస్తుంది.

కౌంటరు దగ్గరే కూర్చుని తీరిగ్గా చూడాలి. జాబితాలోని ప్రతి పత్రం ఉందా? దస్తావేజు మొదటి పేజీ అసలు స్టాంపు కాగితమేనా, జిరాక్సా? సంతకాలు, వేలిముద్రలు సిరాతో ఉన్నాయా? సబ్ రిజిస్ట్రార్ ఎండార్స్‌మెంట్లు, డాక్యుమెంటు నంబరు, సంవత్సరం ఉన్నాయా? పేజీలు అన్నీ ఉన్నాయా, మధ్యలో ఒకటి ఊడిపోయిందా? ఇంట్లో ఉన్న పాత జిరాక్సు పక్కన పెట్టుకుని పేజీ పేజీ పోల్చుకుంటే పావుగంట పని. చెదలు పట్టినా, తడిసి అక్షరాలు పోయినా రసీదు మీదే ఆ సంగతి రాసి సంతకం పెట్టాలి.

2016 అక్టోబరులో గద్వాల జిల్లా ఏర్పడకముందు అయిజ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. పాత పత్రాల మీద ఆ జిల్లా పేరు, పంచాయతీ నాటి ఇంటి నంబరు ఉంటాయి. ఇప్పటి మున్సిపాలిటీ నంబరు వేరు. ఇది పత్రాల్లో లోపం కాదు, కంగారుపడక్కర్లేదు. కానీ నో డ్యూ సర్టిఫికెట్‌లో రెండు నంబర్లూ రాయించుకుంటే అమ్మేటప్పుడు ఇదే ఇల్లని నిరూపించడం తేలిక.

ఇవి కాక శాఖలో ఇంకొన్ని చిన్నవి మిగిలి ఉంటాయి. అప్పు కోసం ముందుగా ఇచ్చిన చెక్కులు వెనక్కి తీసుకోవాలి. నెలనెలా ఖాతాలోంచి కిస్తీ తీసుకునే ఆటో డెబిట్ ఆదేశం రద్దయిందో లేదో చూసుకోవాలి. అప్పుకు హామీగా ఎల్‌ఐసీ పాలసీని బ్యాంకు పేరున అసైన్ చేసి ఉంటే, దాన్ని తిరిగి పాలసీదారు పేరుకు మార్పించాలి. ఇది మరచిపోతే పాలసీ డబ్బు అందాల్సిన రోజున కుటుంబం అదే బ్యాంకు చుట్టూ మళ్లీ తిరగాలి.

పంట అప్పు అడ్డు వస్తే

ఈ ప్రాంతంలో తరచూ వినిపించే మాట ఇంకొకటి. "ఇంటి అప్పు తీరింది సరే, నీ పంట అప్పు బాకీ ఉంది కదా. అది కడితే కాగితాలిస్తాం." హైబ్రిడ్ పత్తి విత్తనం పండించే అయిజ చుట్టుపక్కల పల్లెల్లో ఒకే మనిషికి ఇంటి అప్పు, పంట అప్పు, ట్రాక్టరు అప్పు ఉండడం మామూలే. ఇంకొకరి అప్పుకు జామీను ఉన్నవాళ్లూ ఉంటారు.

ఇక్కడ చూడాల్సింది ఇంటి అప్పు ఒప్పంద పత్రం. ఈ ఇల్లు మిగతా అప్పులకు కూడా హామీ అని అందులో రాసి సంతకం పెట్టి ఉంటే బ్యాంకు వాదనకు బలం ఉంటుంది. అలాంటి మాట ఏదీ లేకపోతే, ఇంటి అప్పు తీర్చినవారికి తమ పత్రాలు అడిగే హక్కు ఉంది. ఆస్తి బదిలీ చట్టంలోని 60వ సెక్షన్ చెప్పేది అదే. తనఖా డబ్బు చెల్లించాక పత్రాలు తిరిగి తీసుకోవడం తనఖా పెట్టినవారి హక్కు. ఏ షరతు ప్రకారం ఆపుతున్నారో రాతపూర్వకంగా చెప్పమని బ్యాంకును అడిగితే, నోటిమాటతో ఆపే అలవాటు చాలాచోట్ల అక్కడికే ఆగుతుంది.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. 2023 నాటి ఉత్తర్వు రిజర్వు బ్యాంకు లెక్కలో "పర్సనల్ లోన్లు" అనే తరగతికి వర్తిస్తుంది. ఇంటి అప్పు, చదువు అప్పు అందులో ఉన్నాయి. పొలం తాకట్టు పెట్టి తీసుకున్న పంట అప్పు, దుకాణం కోసం తీసుకున్న వ్యాపార అప్పు ఆ తరగతిలోకి రావు. వాటికి పత్రాలు తిరిగివ్వనక్కర్లేదని కాదు. రోజుకు 5 వేల నియమాన్ని వాటికి చూపించలేమని అర్థం.

బాక్స్: అప్పు తీర్చకముందే పోతే

*అప్పు తీసుకున్న వ్యక్తి చనిపోతే పత్రాలు వారసులకు ఎలా ఇవ్వాలో ప్రతి బ్యాంకూ ఒక పద్ధతి పెట్టుకుని, వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంచాలని 2023 ఉత్తర్వు చెబుతోంది. శాఖలో "ముందు కోర్టుకు వెళ్లి రండి" అన్నప్పుడు ఆ పద్ధతి కాగితం చూపించమని అడగాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం మామూలుగా ముందు అడిగేవి. అప్పుతోపాటు బీమా చేయించి ఉన్నారేమో మంజూరు పత్రంలో తప్పక వెతకాలి. బీమా ఉన్న సంగతి తెలియక, పిల్లలు కిస్తీలు కట్టుకుంటూ పోతున్న ఇళ్లు ఉంటాయి.*

రాసి ఇస్తే మొదలవుతుంది

మాస్టారు ఆ సోమవారం ఉదయం ఏం చేసి ఉంటే బాగుండేది? ఒక తెల్లకాగితం మీద మేనేజరుకు నాలుగు వరుసల దరఖాస్తు. ఫలానా నంబరు అప్పు ఫలానా తేదీన పూర్తిగా చెల్లించాను. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13 ఉత్తర్వు ప్రకారం నా అసలు పత్రాలు, నో డ్యూ సర్టిఫికెట్ అయిజ శాఖలోనే ఇప్పించండి. సబ్ రిజిస్ట్రార్ దగ్గర, సెర్సాయ్‌లో ఉన్న చార్జి తొలగించండి. కింద సంతకం, ఫోన్ నంబరు. రెండు ప్రతులు. ఒకటి శాఖలో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి, లేదా బ్యాంకు ఈమెయిల్‌కు పంపాలి.

30 రోజులు దాటాక పరిహారం అడుగుతూ మళ్లీ రాయాలి. పరిహారం ఎవరూ పిలిచి ఇవ్వరు, ఎన్ని రోజులకు ఎంతో లెక్క రాసి అడగాలి. బ్యాంకు నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. cms.rbi.org.in లో చేయొచ్చు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. ఎలా చేయాలో తెలియకపోతే 14448కు ఫోన్ చేసి అడగొచ్చు. నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే ముందు బ్యాంకుకు రాశారా అని అడుగుతారు. ఆ ముద్ర వేసిన ప్రతి అక్కడ పనికొస్తుంది.

పత్రాలు పోయి నష్టం పెద్దదైతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోగా వెళ్లాలి. ధ్రువీకరించిన ప్రతులు తెప్పించే ఖర్చు, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు, పత్రికా ప్రకటన బ్యాంకే చేయించాలని పట్టుబట్టాలి. ఎప్పుడో ఇల్లు అమ్మబోతే, పత్రాలు ఎవరి దగ్గర పోయాయో చెప్పే ఆధారం ఈ కాగితాలే. బ్యాంకు "మా దగ్గర పోయాయి" అని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఉత్తరం అన్నిటికన్నా విలువైనది. అది లేకపోతే, అసలు పత్రం ఇంకెక్కడో తాకట్టులో ఉందేమో అన్న అనుమానంతో కొనేవారు వెనక్కి తగ్గుతారు.

చివరగా క్రెడిట్ రిపోర్టు. అప్పు మూతపడిన సంగతి బ్యాంకు సిబిల్ లాంటి సంస్థలకు పంపాలి. పదిహేను రోజులకొకసారి ఈ వివరాలు వెళ్లాలన్న నియమం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది. నెలా నెలన్నర తర్వాత రిపోర్టు తీసి చూస్తే అప్పు "క్లోజ్‌డ్" అని ఉండాలి. "సెటిల్‌డ్" అని ఉంటే అర్థం వేరు. మొత్తం కట్టకుండా తగ్గించి తీర్చుకున్నారని. పూర్తిగా కట్టినవారికి అలా పడితే తప్పు దిద్దమని ఫిర్యాదు చేయాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో దిద్దకపోతే, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల పరిహారం వస్తుంది. ఫిర్యాదుకు జతచేయాల్సింది ముద్ర, తేదీ ఉన్న నో డ్యూ సర్టిఫికెట్, బాకీ సున్నా అని చూపే ఖాతా స్టేట్‌మెంట్.